పరాన్నజీవుల జీవిత చక్రాలు పట్టికలో పెట్టి నేర్చుకున్న నా అనుభవం

మొన్న ఫిబ్రవరిలో నా ఎంబీబీఎస్ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. మాది పర్లాకిమిడి, చదివేది బరంపురంలో. మైక్రోబయాలజీలో నన్ను ఎక్కువ కష్టపెట్టింది పారాసైటాలజీ. నలభై దాకా పరాన్నజీవులు. ఒక్కోదానికీ ఎవరి ఒంట్లో పెద్దదవుతుంది, ఎవరి ఒంట్లో పిల్లదశలో ఉంటుంది, మనిషికి ఏ దశలో అంటుకుంటుంది, ఏ దారిన లోపలికి వస్తుంది అన్నవి నోటికి రావాలి. ఇది ఎలా జరిగిందో, పట్టిక ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ చాలలేదో ఇప్పుడే ఈ సబ్జెక్ట్ మొదలుపెట్టిన వాళ్ల కోసం రాస్తున్నాను.

జూలైలో క్లాసులు మొదలయ్యాయి. పుస్తకంలో ప్రతి పరాన్నజీవికీ ఒక గుండ్రటి బొమ్మ, దాని చుట్టూ బాణాలు ఉంటాయి. మొదటి నాలుగైదు బొమ్మలు వేసి నేర్చుకోవడం బాగానే ఉంది. అవి పది దాటేసరికి ఒకదాని బాణం ఇంకోదాని బొమ్మలోకి వెళ్లిపోవడం మొదలైంది. బొమ్మ వేయడానికి పావుగంట పడుతుంది, కానీ వైవాలో అడిగేది దానిలో ఒక్క ముక్క: "ఇన్‌ఫెక్టివ్ స్టేజ్ ఏమిటి?" ఆ ఒక్క ముక్క కోసం మనసులో మొత్తం చక్రం తిప్పుకుంటూ కూర్చుంటే ఎగ్జామినర్ తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు.

ఆగస్టులో మా మేడమ్ పట్టిక వేసుకోమన్నారు. పేరు, పరాన్నజీవి పెద్దదయ్యే డెఫినిటివ్ హోస్ట్, పిల్లదశలో ఉండే ఇంటర్మీడియట్ హోస్ట్, అంటుకునే దశ అయిన ఇన్‌ఫెక్టివ్ స్టేజ్, లోపలికి వచ్చే దారి. మా రూమ్మేట్ రాయగడ అమ్మాయి, ఇంట్లో వాళ్లదీ తెలుగే. ఇద్దరం కలిసి చార్ట్ పేపర్లు కొని పుస్తకంలో ఉన్న వరుసలోనే మొత్తం ఎక్కించాం. ముందు ఏకకణ జీవులు, తర్వాత బద్దె పురుగులు, తర్వాత ఆకులా చదునుగా ఉండే ఫ్లూక్‌లు, చివర గుండ్రటి పురుగులు. చార్ట్ పేపర్ పది రూపాయలు, రంగు పెన్నులు ఒక సెట్టు, గోడకి అంటించడానికి టేపు. ఖర్చు పెద్దగా లేదు, టైమ్ మాత్రం వారం పైన తినేసింది.

ఆ పట్టిక చూడ్డానికి బాగుంది కానీ గుర్తుండలేదు. ఎందుకో తెలుసుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. పుస్తకం వరుసలో పెడితే పక్కపక్క గడుల్లో ఒకే మాట వస్తూ పోతుంది. అమీబాకి సిస్ట్, నోరు. జియార్డియాకి సిస్ట్, నోరు. ఏలికపాముకి గుడ్డు, నోరు. ట్రైకురిస్‌కి గుడ్డు, నోరు. కళ్లు కిందికి జారిపోతాయి, మనసు ఎక్కడా ఆగదు. తేడాగా ఉన్నవేమో ఈ గుంపు మధ్యలో ఎక్కడో దాక్కుని ఉంటాయి. కొంకి పురుగు కూడా గుండ్రటి పురుగే కాబట్టి ఏలికపాము కిందే వస్తుంది, కానీ అది మామూలుగా నోటి దారి పట్టదు, చర్మం గుండా వస్తుంది. రాత్రి చదివిన వరుసలో పొద్దున్నకి కొంకి పురుగు కూడా నోట్లోంచే వెళ్లిపోయేది.

అప్పుడు రూమ్మేట్ అంది, "ఏ జాతిదన్నది పక్కన పెట్టెయ్యవే, ఏ గుమ్మంలోంచి వచ్చిందో దాన్ని బట్టి పెడదాం." పాత చార్టు తీసేసి, దారిని బట్టి వేరు వేరు కాగితాలు వేశాం. చర్మం ఒక కాగితం, పురుగు కాటు ఒకటి, నోరు ఒకటి. లైంగిక సంబంధం, తల్లి మాయ, రక్తం, ముక్కు లాంటివన్నీ కలిపి ఇంకొకటి.

ఇలా విడదీసిన రోజే సగం భారం దిగిపోయింది. చర్మం కాగితంలో నేర్చుకోవాల్సినవి నిజానికి మూడే ముఖ్యమైనవి. కొంకి పురుగు, స్ట్రాంజిలాయిడిస్, షిస్టోసోమా. మొదటి రెండింటికీ అంటుకునే దశ ఫిలారిఫార్మ్ లార్వా, తడి మట్టిలో ఉండి చెప్పులు లేని కాలిని పట్టుకుంటుంది. మూడోది సర్కేరియా, నీళ్లలో ఉంటుంది. మూడు వరుసలు ఒక్కసారి చూస్తే చాలు. ఆ మూడూ చర్మం దారి అని ఖాయమయ్యాక మిగతా వాటి గురించి ఆ అనుమానమే రాదు.

కాటు కాగితంలో మలేరియా, బోదకాలు, కాలా అజార్, ఆఫ్రికా నిద్ర జబ్బు ఉన్నాయి. ఇక్కడ రెండు చోట్ల కాస్త ఆగాలి. బోదకాలు లార్వాని దోమ సూదిమందులా లోపలికి ఎక్కించదు. కుట్టేటప్పుడు చర్మం మీద వదిలేస్తుంది, ఆ లార్వా కాటు రంధ్రంలోంచి తనే పాక్కుంటూ లోపలికి పోతుంది. మలేరియా స్పోరోజోయిట్ మాత్రం దోమ లాలాజలంతో పాటే లోపలికి దిగుతుంది. రెండో చోటు షాగాస్ జబ్బు. దాన్ని తెచ్చే నల్లి జాతి పురుగు కుడుతుంది కానీ పరాన్నజీవి ఉండేది దాని మలంలో. కుట్టిన చోట గోక్కుంటే ఆ మలం గాయంలోకి, లేదా కంట్లోకి వెళుతుంది. అందుకే దాన్ని కాటు కాగితంలోనే పెట్టి, దారి గడిలో "కాటు" అనే మాట కొట్టేసి "మలం, గోకిన గాయం" అని ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

హోస్ట్ గడి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా బ్యాచ్‌లో ఎక్కువ మంది తికమకపడింది అక్కడే. మలేరియాలో డెఫినిటివ్ హోస్ట్ దోమ, మనిషి ఇంటర్మీడియట్. బోదకాలులో తిరగబడుతుంది, మనిషి డెఫినిటివ్, దోమ ఇంటర్మీడియట్. రెండూ దోమ జబ్బులే కాబట్టి బట్టీ పడితే ఎప్పుడో ఒకప్పుడు తారుమారు అవుతాయి. నేను ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకున్నాను: ఆడ, మగ ఎక్కడ కలుస్తాయి? మలేరియాలో ఆ కలయిక జరిగేది దోమ కడుపులో. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడ మీద చూసిన ఊసిస్ట్‌లు ఆ కలయిక తర్వాత వచ్చేవే. ఆ తేదీ గుర్తున్నవాళ్లకి మలేరియాలో ఏది డెఫినిటివ్ హోస్టో మళ్లీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బోదకాలులో ఆడ, మగ పురుగులు కలిసి బతికేది మనిషి లింఫ్ నాళాల్లో. దోమలో వాటి పిల్లలు పెరుగుతాయి, అంతే.

దీనికి తోడు ఇన్‌ఫెక్టివ్ స్టేజ్ గడి పైన "ఎవరికి?" అని రాసుకోవడం అవసరమైంది. మలేరియాలో మనిషికి అంటుకునేది స్పోరోజోయిట్, దోమకి అంటుకునేది గామెటోసైట్. బోదకాలులో మనిషికి మూడో దశ లార్వా, దోమకి మైక్రోఫైలేరియా. ప్రశ్నలో "మనిషికి" అన్న మాట లేకుండా అడిగితే నేను రెండూ చెప్పేదాన్ని.

సెప్టెంబర్ అంతా నోటి కాగితంతోనే గడిచింది. నలభైలో సగానికి పైగా ఈ ఒక్క దారినే వస్తాయి, అందుకని మింగే వస్తువుని బట్టి మళ్లీ ముక్కలు చేశాం. సిస్ట్ మింగేవి, గుడ్డు మింగేవి, మాంసంలోనో చేపలోనో దాగిన లార్వా మింగేవి, నీటి మొక్క మీద ఉన్నది మింగేవి, నీళ్లలో ఉండే సైక్లాప్స్ అనే చిన్న జీవితో కలిపి మింగేవి. చివరి దాంట్లో నారి కురుపు ఒక్కటే రాశాను. మన దేశం నుంచి అది పోయిందని 2000లో ప్రకటించారు, అయినా పరీక్షలో మాత్రం అడుగుతూనే ఉంటారు.

ఫ్లూక్‌లు మాకు చివరిదాకా కొరకరాని కొయ్యలే. ఇక్కడి వార్డుల్లో మాకు ఒక్క కేసూ కనబడలేదు, పేర్లు పొడుగు, పైగా మిరాసీడియం, స్పోరోసిస్ట్, రీడియా, సర్కేరియా, మెటాసర్కేరియా అని దశలు వరుసకడతాయి. ఎన్నిసార్లు చదివినా సర్కేరియా అంటుకుంటుందా, మెటాసర్కేరియా అంటుకుంటుందా అన్న దగ్గర ఆగిపోయేవాళ్లం. పట్టికలో ఇంటర్మీడియట్ హోస్ట్ గడిని రెండుగా చీల్చి మొదటిది, రెండోది అని రాసినప్పుడు దారి దొరికింది. మొదటి హోస్ట్ అన్నింటికీ నత్తే. నత్తలోంచి సర్కేరియా నీళ్లలోకి వస్తుంది. అక్కడి నుంచి క్లోనార్కిస్ చేపలోకి, పారగోనిమస్ పీతలోకి పోతాయి, ఫాసియోలా నీటి మొక్కని అంటిపెట్టుకుంటుంది. అలా ఇంకోచోట స్థిరపడి గూడు కట్టుకున్న సర్కేరియానే మెటాసర్కేరియా. దాన్ని మనం తింటాం, కాబట్టి దారి నోరు. షిస్టోసోమాకి ఈ రెండో గడి ఖాళీ. ఆగడానికి చోటు లేదు కాబట్టి సర్కేరియానే నేరుగా చర్మంలోకి దూరుతుంది. రెండో గడి ఖాళీగా ఉంటే సర్కేరియా, చర్మం. నిండి ఉంటే మెటాసర్కేరియా, నోరు. ఇది కనిపెట్టాక మనుషుల్లో వచ్చే ముఖ్యమైన ఫ్లూక్‌లని నేను విడిగా బట్టీ పట్టలేదు.

సెప్టెంబర్ చివర్లో ఇంటర్నల్ వైవా. మేడమ్ నన్ను పట్టికలో ఉన్నవి నాలుగు అడిగి, తర్వాత ఇలా అడిగారు: "ఒక ఇంట్లో అన్నకి ఏలికపాములు ఉన్నాయి. తమ్ముడు అదే మంచం మీద పడుకుంటాడు. ఈ రాత్రి తమ్ముడికి అంటుకుంటుందా? ఏలికపాములకి బదులు నులిపురుగులైతే?"

నా పట్టికలో ఈ రెండింటి వరుసలూ అచ్చం ఒకటే. హోస్ట్ మనిషి, ఇంటర్మీడియట్ లేదు, దశ గుడ్డు, దారి నోరు. పట్టిక ప్రకారం రెండింటికీ ఒకే జవాబు రావాలి. మేడమ్ అడిగిన తీరు చూస్తేనే జవాబులు వేరని తెలుస్తోంది. నాకు నులిపురుగుల గురించి తెలుసు కాబట్టి ఆ సగం చెప్పాను, ఏలికపాము సంగతి మేడమే చెప్పారు.

ఏలికపాము గుడ్డు మలంలో బయటపడినప్పుడు దానిలో లార్వా ఉండదు. అది వెచ్చటి తడి మట్టిలో రెండు మూడు వారాలు పడి ఉంటేనే లోపల లార్వా తయారై మనిషికి అంటుకునే శక్తి వస్తుంది. అంచేత అన్న నుంచి తమ్ముడికి ఈ రాత్రి నేరుగా అంటుకోదు. ఇద్దరికీ ఉన్నాయంటే ఇద్దరూ ఒకే పెరటి మట్టి నుంచి తెచ్చుకున్నారన్నమాట. నులిపురుగు అలా కాదు. ఆడ పురుగు రాత్రిపూట మలద్వారం బయటికి వచ్చి చుట్టూ ఉన్న చర్మం మీద గుడ్లు పెడుతుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లో అవి అంటుకునే దశకి వస్తాయి. దురదకి అన్న గోక్కుంటాడు, గోళ్లలో గుడ్లు, దుప్పటి మీద గుడ్లు. పొద్దున్నకి తమ్ముడికీ అంటవచ్చు, అన్నకే మళ్లీ అంటవచ్చు. అందుకే నులిపురుగులకి ఇంట్లో అందరికీ ఒకేసారి మందు వేస్తారు.

ఆ సాయంత్రమే పట్టికకి ఒక గడి కలిపాం: "బయటికి వచ్చినప్పుడు సిద్ధమా, కాదా? కాకపోతే ఎక్కడ, ఎంతకాలం?" ఈ గడి ఏ ఒక్క పేజీలోనూ ఒకచోట దొరకలేదు, ప్రతి అధ్యాయం నుంచీ ఒక్కో వాక్యం ఏరి తెచ్చుకోవాలి. దసరా సెలవులకి పలాస మీదుగా ఇంటికి వెళ్లినప్పుడు పుస్తకం వెంట తీసుకెళ్లి ఆ పనే చేశాను. పండక్కి వచ్చిన మా పెద్దమ్మ నా ఒడిలో కాగితాలు చూసి, "ఏటమ్మా, పండగపూట ఈ పురుగులేటి?" అని అడిగింది. నులిపురుగుల సంగతి చెబితే ఆసక్తిగా వింది. మనవడికి స్కూల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేస్తున్నా దురద ఎందుకు తగ్గట్లేదో తనకి అప్పుడు అర్థమైందంది. ఆ మాత్ర పురుగుని చంపుతుంది, గుడ్డు మీద దాని ప్రభావం అంతగా ఉండదు. నులిపురుగులకైతే రెండు వారాల తర్వాత ఇంకోసారి వేయాలి, దుప్పట్లు ఉతకాలి, గోళ్లు కత్తిరించాలి.

ఆ గడి నింపుతూ పోతే ఇంకో విషయం దానంతట అదే బయటపడింది. "ఆటోఇన్‌ఫెక్షన్ ఏ పరాన్నజీవుల్లో ఉంటుంది?" అన్నది, అంటే ఉన్న మనిషికే మళ్లీ అంటుకునేవి ఏవన్నది, పాత ప్రశ్నపత్రాల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న, దానికి అందరూ ఒక జాబితా బట్టీ పడతారు. నా గడిలో "సిద్ధం" అని రాసినవి, లేదా కొద్ది గంటల్లో సిద్ధమయ్యేవి చూస్తే ఆ జాబితా దాదాపు అదే. నులిపురుగు, హైమెనోలెపిస్ నానా, టీనియా సోలియం, క్రిప్టోస్పోరిడియం. బయట మట్టిలో రోజులూ వారాలూ గడపాల్సిన ఏలికపాము, ట్రైకురిస్, కొంకి పురుగు ఆ జాబితాలోకి రాలేవు, వాటికి మట్టి కావాలి.

స్ట్రాంజిలాయిడిస్ ఒక్కటి దీనికి లొంగదు. దాని గుడ్డు పేగులోనే పగిలి లార్వా మలంలో వస్తుంది. ఆ లార్వా మామూలుగా చర్మంలోకి దూరే రకం కాదు, బయట మట్టిలో మారాలి. ఆ లెక్కన "సిద్ధం కాదు" అని రాయాలి. కానీ వాటిలో కొన్ని పేగు దాటకముందే ఫిలారిఫార్మ్‌గా మారిపోయి, పేగు గోడలోంచో మలద్వారం దగ్గరి చర్మంలోంచో మళ్లీ ఒంట్లోకి వెళ్లిపోతాయి. అందుకే ఆ మనిషి ఆ మట్టిని వదిలి పదుల ఏళ్లు గడిచినా జబ్బు లోపల ఉండిపోగలదు, స్టెరాయిడ్లు మొదలుపెడితే ఒక్కసారిగా ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రాగలదు. ఆ గడిలో రెండు పంక్తులు రాయాల్సి వచ్చింది. మొత్తం పట్టికలో నేను ఎప్పటికీ మర్చిపోనిది ఆ గడే.

నవంబర్‌లో మెడిసిన్ వార్డు పోస్టింగ్. గుణుపురం వైపు నుంచి ఒక కుర్రాణ్ని ఫిట్స్‌తో తీసుకొచ్చారు. సీటీ స్కాన్‌లో మెదడులో చిన్న నీటి తిత్తి, దాని లోపల ఒక చుక్క. ఆ చుక్క లార్వా తల, అది కనిపిస్తే న్యూరోసిస్టిసర్కోసిస్ అని చెప్పేయవచ్చు. వాళ్లమ్మ తెలుగులో నన్నే పట్టుకుని అడిగింది, "డాక్టరమ్మా, పంది పురుగంటున్నారు. మా ఇంట్లో పంది మాంసం ముట్టమే!"

నా పట్టికలో ఆ పంది బద్దె పురుగు టీనియా సోలియంకి అప్పటికే రెండు వరుసలు ఉన్నాయి. మొదటి వరుసలో మనిషి డెఫినిటివ్ హోస్ట్. సరిగా ఉడకని పంది మాంసంలోని సిస్టిసర్కస్ మింగితే పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. రెండో వరుసలో అదే మనిషి పంది ఉండాల్సిన చోటికి వస్తాడు. ఇప్పుడు అంటుకునే దశ గుడ్డు. గుడ్డు మింగితే లోపలి లార్వా పేగు గోడ తొలుచుకుని రక్తంలో కలిసి కండలోకి, కంట్లోకి, మెదడులోకి చేరి తిత్తి కడుతుంది. రెండు వరుసలకీ దారి నోరే. మింగింది మారితే జబ్బు మొత్తం మారిపోతుంది.

ఆ తల్లి మాట విన్నాక రెండో వరుసలో నేను రాయని సంగతి ఒకటి ఉందని తట్టింది. ఆ గుడ్డు ఎవరి నుంచి వస్తుంది? పంది నుంచి రాదు. పంది ఒంట్లో ఉండేవి తిత్తులే, గుడ్లు పెట్టే పెద్ద పురుగు ఉండేది మనిషి పేగులోనే. అంటే ఈ కుర్రాడి మెదడులోకి చేరినది కడుపులో బద్దె పురుగు ఉన్న ఒక మనిషి మలం నుంచి, చేతుల ద్వారానో పచ్చి కూరల ద్వారానో నీళ్ల ద్వారానో వచ్చింది. ఆ మనిషి ఇంట్లోనే ఉండవచ్చు, టిఫిన్ చేసిపెట్టే వాళ్లలో ఉండవచ్చు. గుడ్డు బయటికి వచ్చేటప్పటికే సిద్ధంగా ఉంటుంది, కొత్త గడిలో అదే రాసి ఉంది. మాంసం ముట్టకపోయినా ఈ జబ్బు వస్తుందని, ఇంట్లో అందరి మలం పరీక్ష ఎందుకు చేయించమంటున్నారో ఆవిడకి ఆ మాటల్లోనే చెప్పాను. ఆవిడ కొంచెం తేలికపడినట్టు అనిపించింది, తను ఏదో తప్పు తిండి పెట్టానన్న బాధ అప్పటిదాకా ఉందేమో. ఆ రాత్రి పట్టికలో "గుడ్డు ఎవరి నుంచి" అని చిన్న అక్షరాలతో చేర్చాను. ఆవు మాంసంతో వచ్చే బద్దె పురుగు టీనియా సాజినాటాకి రెండో వరుస అవసరం లేదు, దాని గుడ్డు మనిషిలో తిత్తి కట్టదు. దాని వరుసలో ఒకటే ఎందుకు ఉందని ఎవరైనా అడిగితే చెప్పాల్సింది అదే.

బట్టీ పట్టిన పద్ధతి గురించి రెండు మాటలు. నిండిన పట్టికని చదవడం వల్ల నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు. పేర్లు మాత్రం ఉంచి మిగతా గడులన్నీ ఖాళీగా ఉన్న కాగితం ఒకటి తయారుచేసి జిరాక్స్ తీయించుకున్నాం. పేజీకి రెండు రూపాయలు, ఒక్కసారే ఎక్కువ తీయిస్తే తగ్గించాడు. పుస్తకం మూసి పెన్సిల్‌తో నింపడం, తప్పిన గడికి మాత్రమే సున్నా చుట్టడం, మర్నాడు ఆ సున్నాలే మొదట చూడడం. కొన్నాళ్లకి పేర్ల వరుస కూడా గుర్తుండిపోయి, పేరు చదవకుండానే చెయ్యి రాసేసేది. అలా అయినప్పుడు వచ్చినట్టు లెక్క కాదు. అప్పుడు ఎదురు తిప్పాం. రూమ్మేట్ దశ, దారి చెప్పేది, నేను పేర్లు చెప్పాలి. "గుడ్డు, నోరు, బయటికి వచ్చేటప్పటికే సిద్ధం, డెఫినిటివ్ హోస్ట్ కుక్క." ఎకైనోకాకస్. "లార్వా, మాంసం, కానీ ఒకే జంతువులో పెద్దదీ పిల్లదీ రెండూ." ట్రైకినెల్లా. ఇలా అడిగితేనే ఏ గడి నిజంగా ఖాళీగా ఉందో తెలిసేది.

పట్టిక అస్సలు పనికిరాని చోటు ప్రాక్టికల్. డిసెంబర్‌లో మలం స్లైడ్లు చూస్తున్నప్పుడు ఒక స్లైడ్‌లో లార్వా కనిపించింది. పట్టిక ప్రకారం మలంలో లార్వా అంటే స్ట్రాంజిలాయిడిస్, కొంకి పురుగుకైతే గుడ్డు ఉండాలి. ల్యాబ్ టెక్నీషియన్ సార్ నా రాత చూసి, "ఈ శాంపిల్ ఎప్పటిదో అడిగావా అమ్మా?" అన్నారు. ముందు రోజుది. గది వేడికి ఒక రోజు పైగా వదిలేస్తే కొంకి పురుగు గుడ్లు పగిలి లార్వాలు బయటికి వచ్చేస్తాయట. అప్పుడు నోటి దగ్గర చూడాలి. లార్వా నోటి గొట్టం పొడుగ్గా ఉంటే కొంకి పురుగు, బాగా పొట్టిగా ఉంటే స్ట్రాంజిలాయిడిస్. మాది పొడుగ్గా ఉంది. నులిపురుగు గుడ్లు మలంలో వెతికితే చాలాసార్లు దొరకవని కూడా ఆయనే గుర్తుచేశారు. పొద్దున్నే కడుక్కోకముందు మలద్వారం దగ్గర పారదర్శకమైన టేపు అతికించి, దాన్ని స్లైడ్ మీద పెట్టి చూడాలి.

ఫిబ్రవరిలో థియరీ అయ్యాక వైవా. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ పేర్లు అడగలేదు. "వైవాక్స్ మలేరియా ఉన్న మనిషి రక్తం ఇంకొకరికి ఎక్కించారు. ఏ దశ అంటింది? మందులో ఏం తేడా?" అన్నారు. మా ఇతర దారుల కాగితంలో మలేరియాకి కూడా ఒక వరుస ఉంది. దారి రక్తం, దశ ఎర్ర కణాల్లోని రూపాలు. స్పోరోజోయిట్ రాలేదు కాబట్టి కాలేయంలో దశ లేదు. కాలేయంలో నిద్రపోయే రూపాలు లేవు కాబట్టి వాటి కోసం వాడే ప్రైమాక్విన్ అక్కర్లేదు. ఈ మూడు వాక్యాలూ వరుసగా చెప్పాను. ఆయన తల ఊపి టాక్సోప్లాస్మా గురించి అడిగారు. అది మా పట్టికలో మూడు చోట్ల ఉంటుంది. పిల్లి మలంలోని ఊసిస్ట్ నోటి దారిన, మాంసంలోని తిత్తి కూడా నోటి దారిన, టాకీజోయిట్ మాయ దాటి కడుపులోని బిడ్డకి. పిల్లి మలం గురించి చెప్పేటప్పుడు కొత్త గడి కూడా చెప్పాను: తాజాగా పడిన ఊసిస్ట్ సిద్ధంగా ఉండదు, ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది, అందుకే గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి మలాన్ని ఏ రోజుది ఆ రోజే, అదీ వేరేవాళ్ల చేత, తీయించేయమంటారు.

ఫలితాలు వచ్చాయి, ఇద్దరం పాసయ్యాం. నోటి కాగితం ముప్పై రూపాయలకి లామినేషన్ చేయించుకున్నాను. మిగతావి పెన్సిల్ కాగితాలుగానే ఉన్నాయి, వాటిలో ఇంకా మార్పులు చేస్తున్నాం.